ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లు ఎందుకొస్తాయి? అసలు గుట్టు పట్టించింది వెల్లుల్లి!

కోయని ఉల్లిపాయను కంటి పక్కన పెట్టుకున్నా ఏమీ కాదు. అదే కత్తి పడిందంటే కాసేపట్లోనే కళ్లు మండిపోతాయి. ఎందుకంటే కన్నీళ్లు తెప్పించే వాయువు ఉల్లిపాయలో ముందు నుంచీ ఉండదు. మనం కోసినప్పుడే తయారవుతుంది.

ఉల్లి మొక్క నేలలోని సల్ఫర్‌ను పీల్చుకుని, ఐసోఅల్లీన్ అనే పదార్థంగా మార్చి దాచుకుంటుంది. దాన్ని విడగొట్టే అల్లినేజ్ అనే ఎంజైమ్ కూడా అదే కణంలో ఉంటుంది. కాకపోతే వేరే చిన్న సంచిలో, విడిగా. కత్తి దిగగానే కణాలు చితికి ఈ రెండూ కలుస్తాయి. అప్పుడు ఐసోఅల్లీన్ విడిపోయి ఒక సల్ఫెనిక్ ఆమ్లం పుడుతుంది. అది క్షణాల్లో సిన్-ప్రొపేన్‌థయాల్-ఎస్-ఆక్సైడ్‌గా మారి గాల్లోకి లేస్తుంది. పేరు నోరు తిరగదు కానీ, మనల్ని ఏడిపించేది ఇదే. కంటిపొర మీది నరాలకు ఇది తగలగానే మెదడు అప్రమత్తమవుతుంది. దాన్ని కడిగేయడానికి కన్నీళ్లు వదులుతుంది.

ఆ సల్ఫెనిక్ ఆమ్లం దానంతట అదే వాయువుగా మారిపోతుందని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. అలాగైతే ఏ అల్లినేజ్ వాడినా ఈ వాయువు రావాలి కదా? వెల్లుల్లిలోనూ అల్లినేజ్ ఉంది. జపాన్‌కు చెందిన హౌస్ ఫుడ్స్ కంపెనీ పరిశోధకులు దాన్ని తీసి ఉల్లిలోని ఐసోఅల్లీన్‌తో కలిపి చూశారు. కన్నీటి వాయువు రాలేదు! ఉల్లి నుంచి తీసిన, పూర్తిగా శుద్ధి చేయని అల్లినేజ్‌తో మాత్రం వచ్చింది. అంటే ఉల్లిలో ఇంకేదో ఉందన్నమాట. అలా రెండో ఎంజైమ్ బయటపడింది. దాని పేరు ఎల్‌ఎఫ్‌ఎస్. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ పరిశోధనకు 2013లో కెమిస్ట్రీలో ఇగ్ నోబెల్ దక్కింది. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా అవార్డు అది.

మరి ఏడిపించని ఉల్లి సాధ్యమేనా? సాధ్యమే. ఎల్‌ఎఫ్‌ఎస్‌ను ఒక్కదాన్నే ఆపితే వాయువు తగ్గి, ఘాటు మిగలాలి. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2008లో జన్యు పద్ధతిలో అలాంటి ఉల్లిని తయారుచేశారు. హౌస్ ఫుడ్స్ తర్వాత మార్కెట్లోకి తెచ్చిన 'స్మైల్ బాల్' ఉల్లి దారి వేరు. అందులో మొదటి ఎంజైమ్ అల్లినేజే బాగా తక్కువ. అందుకే కళ్లు మండవు, కానీ ఘాటూ ఉండదు. తియ్యగా ఉంటుంది. మిరపకాయ బజ్జీలో నంజుకునేవాళ్లకు ఇది నచ్చడం కష్టమే!

మన వంటింట్లో అయితే కోసే ముందు ఉల్లిపాయను అరగంట ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. చల్లదనానికి ఎంజైమ్‌లు నెమ్మదిస్తాయి, వాయువు కూడా తక్కువగా లేస్తుంది. కత్తి పదునుగా ఉంటే కణాలు తక్కువ నలుగుతాయి. ఉల్లిని కోయకుండా అలాగే ఉడికిస్తే ఎంజైమ్‌లే పాడైపోతాయి కాబట్టి తర్వాత కోసినా కళ్లు మండవు. కాకపోతే పెరుగు పచ్చడికి ఆ ముక్కలు పనికిరావు.