చిన్న నేరాలకు కాలపరిమితి

తక్కువ శిక్ష గల నేరాలపై ఫిర్యాదును లేదా పోలీసుల అభియోగపత్రాన్ని చట్టం నిర్దేశించిన గడువు దాటాక న్యాయస్థానం విచారణకు స్వీకరించరాదన్న నియమాన్ని భారతీయ నేర ప్రక్రియలో కాలపరిమితి అంటారు. న్యాయాధికారి ఒక నేరారోపణను పరిశీలించి, దానిపై చర్య తీసుకోవడానికి తగిన ఆధారం ఉందా అని మనసుపెట్టి ఆలోచించే దశను విచారణకు స్వీకరించడం, న్యాయవాదుల వాడుకలో కాగ్నిజెన్స్, అని వ్యవహరిస్తారు. గడువు దాటిన ఫిర్యాదు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నేరం జరిగిందా లేదా అన్న ప్రశ్న అక్కడ తేలదు, అందువల్ల కాలదోషం వల్ల కేసు వీగిపోయిన నిందితుడు నిర్దోషి అని ఎవరూ తీర్పు చెప్పినట్లు కాదు.

1898 నాటి నేర ప్రక్రియా స్మృతిలో ఇటువంటి సాధారణ గడువు లేదు. లా కమిషన్ తన 42వ నివేదికలో చిన్న నేరాలకు గడువు ఉండాలని సిఫారసు చేయగా, 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 1973 స్మృతి 467 నుంచి 473 వరకు గల సెక్షన్లలో దానికి రూపమిచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇవే నియమాలు 513 నుంచి 519 వరకు ఉన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది, గాయాల గుర్తులూ కాగితాలూ మిగలవు, ఆ రోజు తానెక్కడున్నదీ నిరూపించుకోవడం నిర్దోషికి సైతం అసాధ్యమవుతుంది. పైగా ఒక చిన్న తప్పును ప్రత్యర్థి మెడమీద కత్తిలా ఏళ్లతరబడి వేలాడదీసి, తగవు ముదిరినప్పుడల్లా కేసు పెడతానని బెదిరించే వీలుంటుంది. గడువు వెనుక ఉన్న అసలు కారణాలు ఇవే.

గడువు ఎంతన్నది నేరానికి చట్టం విధించగల గరిష్ఠ శిక్షను బట్టి ఉంటుంది. జరిమానా మాత్రమే శిక్ష అయితే ఆరు నెలలు, ఏడాది వరకు జైలుశిక్ష పడగల నేరానికి ఒక ఏడాది, ఏడాదికి మించి మూడేళ్ల వరకు పడగలదైతే మూడేళ్లు గడువు ఉంటుంది. మూడేళ్లకు మించిన శిక్ష గల నేరాలకు గడువే లేదు కనుక హత్య, అత్యాచారం, దోపిడీ వంటివి ఎన్నేళ్లు గడిచినా విచారణకు వస్తాయి. కొన్ని నేరాలను కలిపి విచారించేటప్పుడు వాటిలో అన్నిటికన్నా ఎక్కువ శిక్ష గలదాని గడువే మిగిలినవాటికీ వర్తిస్తుంది. కాలదోషం పట్టిన ఫిర్యాదును బతికించుకోవాలని సంఘటనకు లేని తీవ్రతను అంటగట్టే ధోరణి ఇక్కడే పుడుతుంది. చేత్తో కొట్టిన దెబ్బకు ఏడాది, ప్రమాదకరమైన ఆయుధంతో చేసిన గాయానికి మూడేళ్లు గడువు కాగా, ఎముక విరగడం వంటి తీవ్ర గాయానికి గడువే ఉండదు. అందువల్ల పాత ఫిర్యాదులో హఠాత్తుగా కర్ర స్థానంలో కత్తి కనిపిస్తే, గాయం నాటి వైద్య ధ్రువపత్రంతో దానిని సరిపోల్చి చూడాలి.

గడువు సాధారణంగా నేరం జరిగిన రోజు నుంచి మొదలవుతుంది, అయితే ఆ మొదటి రోజును లెక్కలోంచి తీసేస్తారు. నేరం జరిగిన సంగతి బాధితుడికి గానీ పోలీసు అధికారికి గానీ తెలియకపోతే వారిలో ఎవరికి ముందు తెలిసిందో ఆ రోజు నుంచి, చేసిందెవరో తెలియకపోతే ఆ వ్యక్తి ఎవరన్నది తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు, 2024 ఆగస్టు 10న ఒక గ్రామంలో గట్టు తగాదాలో ఒకరు పొరుగు రైతును చేత్తో కొట్టారనుకుంటే, దీనికి గరిష్ఠ శిక్ష ఏడాది కాబట్టి గడువు 2025 ఆగస్టు 10తో ముగుస్తుంది. ఆ రోజు ఆదివారం, కోర్టుకు సెలవు. గడువు చివరి రోజున కోర్టు మూసి ఉంటే తిరిగి తెరిచిన రోజున స్వీకరించవచ్చన్న నియమం వల్ల 11వ తేదీ సోమవారం దాఖలైన ఫిర్యాదు చెల్లుతుంది, 12న దాఖలైనది మాత్రం గడువు దాటినదే అవుతుంది. ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమైన కేసుల్లో ఆ అనుమతి కోసం పట్టిన కాలాన్ని, న్యాయస్థానం స్టే ఇచ్చిన కాలాన్ని, నిందితుడు పరారీలో లేదా విదేశంలో ఉన్న కాలాన్ని కూడా తీసివేసి లెక్కిస్తారు.

లెక్క ఏ రోజున ఆగుతుందన్నదే చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. ఫిర్యాదు సకాలంలో దాఖలైనా, న్యాయాధికారి దానిని స్వీకరించేసరికి గడువు దాటిపోతే ఏమిటన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నిషిద్ధ ప్రకటనల ద్వారా మందులను ప్రచారం చేశారన్న ఆ ఆరోపణలో నేరం 1999 మార్చి 5న బయటపడింది, గడువు ఏడాది, ఫిర్యాదు 2000 మార్చి 3న దాఖలైంది, న్యాయాధికారి స్వీకరించింది మార్చి 25న. సుప్రీంకోర్టు 2003లో ఫిర్యాదు తేదీనే ప్రమాణంగా తీసుకుని, కోర్టు చేసిన జాప్యానికి ఫిర్యాదిని శిక్షించకూడదని చెప్పింది. అంతకుముందు భిన్నంగా వచ్చిన ఒక తీర్పు వల్ల మిగిలిన సందిగ్ధతను 2013 నవంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తొలగించి, ఫిర్యాదు దాఖలైన లేదా ప్రాసిక్యూషన్ ప్రారంభమైన రోజే ముఖ్యమని ఖరారు చేసింది.

గడువు దాటిన ప్రతి ఫిర్యాదూ కొట్టివేతకు గురికాదు. ఆలస్యానికి తగిన వివరణ ఉన్నా, న్యాయప్రయోజనాల దృష్ట్యా అవసరమనిపించినా న్యాయస్థానం జాప్యాన్ని మన్నించవచ్చు. భార్యపై క్రూరత్వం మూడేళ్ల గడువు గల నేరం. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక భార్య ఫిర్యాదును హైకోర్టు గడువు కారణంగా కొట్టివేయగా, 1993లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, ఇటువంటి కేసుల్లో న్యాయప్రయోజనం అన్న ఆధారాన్ని విశాలంగా చూడాలని చెప్పింది. కాపురం నిలబెట్టుకోవాలనే ఆశతో ఏళ్లు ఓర్చుకున్న స్త్రీకి ఆ ఓర్పే అడ్డంకి కాకూడదన్న దృష్టి సరైనదే. అయితే మన్నింపు యాంత్రికంగా జరగరాదు: నిందితుడికి నోటీసిచ్చి వినాలి, ఉత్తర్వులో కారణాలు రాయాలి. క్రూరత్వం మళ్లీ మళ్లీ జరుగుతుంటే ప్రతి సంఘటనా కొత్త గడువును మొదలుపెడుతుంది.

కొత్త సంహిత 514వ సెక్షన్‌కు చేర్చిన వివరణ, ప్రైవేటు ఫిర్యాదులో దాఖలు తేదీని, పోలీసు కేసులో సమాచారం నమోదైన తేదీని, అంటే ఎఫ్ఐఆర్ తేదీని, గడువు లెక్కకు ప్రమాణం చేసింది. ఫిర్యాదికి ఇది మేలే, కానీ దీనికి ఒక మూల్యం ఉంది. మునుపు ఎఫ్ఐఆర్ సకాలంలో నమోదైనా అభియోగపత్రం గడువు దాటి వస్తే నిందితుడు కాలదోషం ఎత్తిచూపగలిగేవాడు, ఆ భయం దర్యాప్తును తొందరపెట్టేది; ఇప్పుడు ఎఫ్ఐఆర్ నమోదవగానే గడియారం ఆగిపోతుంది. సమన్ల కేసులో అరెస్టు జరిగిన ఆరు నెలల్లో దర్యాప్తు ముగియకపోతే, పొడిగింపుకు ప్రత్యేక కారణాలు చూపనంతవరకు న్యాయాధికారి దర్యాప్తును ఆపించాలన్న నియమం కొత్త సంహితలోనూ ఉంది, కానీ అది అరెస్టు జరిగితేనే పనిచేస్తుంది. చిన్న నేరాల్లో చాలామంది నిందితులకు నోటీసు అందుతుందే తప్ప అరెస్టు జరగదు.