మూడు అంకెల కాలవ్యవధి అంచనా

సాఫ్ట్‌వేర్ విడుదలలో ప్రతి పనికీ ఒకే గడువు చెప్పకుండా ఆశావహ (O), సంభావ్య (M), నిరాశావహ (P) అంకెలు తీసుకుని సగటు కట్టే పద్ధతి. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం రూపొందించిన పెర్ట్ దీనికి మూలం.

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఒక చిన్న బృందం కిరాణా దుకాణాల యాప్ విడుదల చేస్తోందనుకుందాం. యూపీఐ చెల్లింపులు కలపడానికి అన్నీ కలిసొస్తే 3 రోజులు, మామూలుగా 5, బ్యాంకు అనుమతి ఆలస్యమైతే 13.

```
(O + 4M + P) / 6
(3 + 4×5 + 13) / 6 = 6
```

పాత డేటా మార్పిడికి 2, 3, 10. పరీక్షలకు 2, 4, 6. రెండింటి సగటూ నాలుగేసి రోజులే. వరుసగా చేస్తే మొత్తం 14 రోజులు. సంభావ్య అంకెలు మాత్రమే కూడితే 12 వచ్చేది. ఆ తేడాయే చాలా విడుదలల్ని ముంచుతుంది.

ఇక అదనపు గడువు. ప్రతి పనికీ (P − O) / 6 విచలనం. ఆ విచలనాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఇక్కడ సుమారు 2.2 రోజులు. దానికి రెట్టింపు కలిపి 19 పనిదినాలు చెప్పడం సబబు. ఈ అదనాన్ని పనులకు పంచకూడదు, చివర ఒక్కచోటే ఉంచాలి. సగం పని కాకముందే అందులో సగానికి మించి కరిగిపోతే అంచనా తప్పిందన్నమాట.

రంజాన్, బోనాల సెలవులు అనిశ్చితి కాదు, క్యాలెండర్‌లోనే తీసేయాలి. మూడు పనులూ ఒకే ఇంజనీరు మీద ఆధారపడితే ఆలస్యాలు కలిసే వస్తాయి. అప్పుడు ఈ 19 చాలదు.