జగదల్‌పుర్ విమాన టికెట్: మొత్తం ధరలో ఏ భాగం ఎవరికి చేరుతుంది?

బస్తర్‌లోని జగదల్‌పుర్‌కు, హైదరాబాద్‌కు మధ్య నేరు రైలు మార్గం లేదు. అడవులు, కనుమల మీదుగా సాగే బస్సు ప్రయాణానికి ఒక రాత్రి పూర్తిగా పడుతుంది. అందుకే 2020 సెప్టెంబరు 21న ‘ఉడాన్’ ప్రాంతీయ అనుసంధాన పథకం కింద అలయన్స్ ఎయిర్ సంస్థ హైదరాబాద్–జగదల్‌పుర్–రాయపుర్ మార్గంలో విమానాలను ఆరంభించినప్పుడు, వైద్యం కోసం హైదరాబాద్ వచ్చేవారికీ, దంతేవాడ, జగదల్‌పుర్ పట్టణాల్లో బంధువులున్న తెలుగు కుటుంబాలకూ కొత్త దారి ఏర్పడింది. 2024లో ఇండిగో కూడా ఈ మార్గంలోకి వచ్చింది. జగదల్‌పుర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయం నుంచి ఎగిరేది ఎక్కువగా ఏటీఆర్ తరహా చిన్న విమానమే.

అయితే మొదట కనిపించిన ధరకూ, చివరికి చెల్లించిన మొత్తానికీ పొంతన లేదన్న ఫిర్యాదు ఈ మార్గంలో తొలిసారి ప్రయాణించేవారి నుంచి తరచుగా వినిపిస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే టికెట్ మొత్తాన్ని రెండు రాశులుగా విడదీసి చూడాలి. తప్పనిసరిగా చెల్లించవలసినవి ఒక రాశి. ప్రయాణికుడు కోరుకుంటేనే చెల్లించవలసినవి రెండో రాశి.

మూల ఛార్జీ, దానిపై పన్ను

టికెట్‌లో మొదటి వరుస మూల ఛార్జీ. ఇది విమానయాన సంస్థకు చెందే సొమ్ము. దీని పక్కనే కొన్ని టికెట్లలో YQ అనే సంకేతంతో ఇంధన సర్‌ఛార్జి కనిపిస్తుంది. పేరు వేరైనా ఇది ప్రభుత్వ పన్ను కాదు. సంస్థ తనకోసం వసూలు చేసుకునే మొత్తమే. కాబట్టి రెండు టికెట్ల ధరలను పోల్చేటప్పుడు మూల ఛార్జీని మాత్రమే కాక, ఈ రెండింటి మొత్తాన్నీ చూడాలి.

ఈ మొత్తంపై ఎకానమీ తరగతిలో 5 శాతం వస్తు సేవల పన్ను పడుతుంది. టికెట్‌పై దీని సంకేతం K3. విమానాశ్రయ రుసుములు ఈ 5 శాతం లెక్కలోకి రావు. వాటిని విమానయాన సంస్థ విమానాశ్రయం తరఫున వసూలు చేసి అప్పగిస్తుంది తప్ప తన ఆదాయంగా చూపదు. పరోక్ష పన్నుల కేంద్ర మండలి 2019 అక్టోబరులో ఈ సంగతిని స్పష్టం చేసింది. విమానాశ్రయ రుసుములపై పన్ను ఉంటుంది గాని, దానిని విమానాశ్రయమే వేరుగా విధిస్తుంది.

విమానాశ్రయ రుసుములు

వీటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది విమానయాన భద్రతా రుసుము. దేశీయ ప్రయాణికునికి ఇది 2021 ఏప్రిల్ నుంచి 200 రూపాయలు. దీనికి 18 శాతం పన్ను కలవడంతో టికెట్‌పై 236 రూపాయలుగా కనిపిస్తుంది. దేశంలో ఏ విమానాశ్రయంలో ఎక్కినా ఇది ఒకటే. రెండేళ్లలోపు పసిపిల్లలకు ఇది వర్తించదు.

రెండోది వినియోగదారుల అభివృద్ధి రుసుము. ఇది విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో దీనిని విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థ నిర్ణయిస్తుంది. ఈ రుసుము ప్రధానంగా విమానం ఎక్కే చోటును బట్టి పడుతుంది. ఒకే సంస్థ, ఒకే దూరం, ఒకే మూల ఛార్జీ అయినా హైదరాబాద్ నుంచి జగదల్‌పుర్‌కు వెళ్లే టికెట్ మొత్తం, తిరుగు టికెట్ మొత్తం సమానంగా ఉండకపోవడానికి కారణం ఇదే.

జగదల్‌పుర్ నుంచి హైదరాబాద్ మీదుగా చెన్నై వంటి మరో నగరానికి వెళ్లేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌పై ఉండి, మారే వ్యవధి 24 గంటలలోపు ఉంటే, మధ్యలోని విమానాశ్రయంలో భద్రతా రుసుము గాని, అభివృద్ధి రుసుము గాని పడదు. చౌకగా దొరికిందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే హైదరాబాద్‌లో కొత్తగా ఎక్కినట్టే లెక్క. రెండు రుసుములూ మళ్లీ పడతాయి. సామానును దించుకొని తిరిగి అప్పగించాలి. రెండో సంస్థ బరువు పరిమితి తక్కువైతే అక్కడ మరోసారి అదనపు రుసుము కట్టవలసి వస్తుంది.

సీటు ఎంపిక

సీటును ముందుగా ఎంచుకోవడం ప్రయాణికుని ఇష్టం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం ఇటువంటి విడి సేవలను ప్రయాణికుడు కోరితేనే చేర్చాలి. వాటిని ముందే చేర్చి ఉంచి, వద్దనుకున్నవారే తొలగించుకోవాలనే పద్ధతి కుదరదు. వెబ్ చెక్-ఇన్ సమయంలో తెరపై మొదట రుసుము గల సీట్లే ప్రముఖంగా కనిపించవచ్చు. సీటు ఎంచుకోకుండా ముందుకు సాగితే, మిగిలిన వాటిలో ఒకటి ఉచితంగా కేటాయిస్తారు. కోరిన కిటికీ పక్క చోటు మాత్రం దొరకకపోవచ్చు.

పిల్లలతో వెళ్లేవారికి ప్రత్యేక రక్షణ ఉంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌పై ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డైరెక్టరేట్ 2024 ఏప్రిల్‌లో విమానయాన సంస్థలను ఆదేశించింది. పిల్లవాడు వేరుగా కూర్చోవలసి వస్తుందన్న భయంతో మాత్రమే సీటు రుసుము చెల్లించనవసరం లేదు. అయితే కుటుంబమంతా ఒకే పీఎన్‌ఆర్‌పై ఉండాలి.

కిలో లెక్కన అదనపు బరువు

మొత్తం ధరను ఒక్కసారిగా పెంచేది సామాను. దేశీయ ఎకానమీ టికెట్లలో అప్పగించే సామానుకు సాధారణ ఉచిత పరిమితి 15 కిలోలు. అంతకు మించితే ప్రతి కిలోకూ రుసుము పడుతుంది. 15 నుంచి 20 కిలోల మధ్య బరువుకు కిలోకు 100 రూపాయలకు మించరాదని డైరెక్టరేట్ 2016లో పరిమితి విధించింది. ఢిల్లీ హైకోర్టు 2017లో దానిని కొట్టివేసింది. అప్పటి నుంచి ఈ రేటును సంస్థలే నిర్ణయించుకుంటున్నాయి.

బస్తర్ నుంచి వచ్చేవారి సంచుల్లో బరువు తెలియకుండానే పెరుగుతుంది. కొండగావ్ పరిసరాల్లో పోతపోసే ఢోక్రా లోహ ప్రతిమలు చూడటానికి చిన్నవైనా చేతికి బరువు. వాటికి తోడు చింతపండు, ఇప్పపువ్వు మూటలుంటే 15 కిలోలు సులభంగా దాటుతాయి.

చిన్న విమానంలో బరువు డబ్బు లెక్క మాత్రమే కాదు. జగదల్‌పుర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగినా, ఎండ ముదిరినా గాలి పలచబడి రెక్కలకు, ఇంజన్లకు అందే బలం తగ్గుతుంది. అందువల్ల వేసవి మధ్యాహ్నం మోయగల బరువును తగ్గించవలసి రావచ్చు. ఖాళీ ఉంటేనే అదనపు సామానును అనుమతిస్తారు. రుసుము కట్టడానికి సిద్ధపడినా అనుమతి ఖాయం కాదు.

ఒక లెక్క

కింది ఉదాహరణలో భద్రతా రుసుము, పన్ను శాతం అమలులో ఉన్నవి. మిగిలిన సంఖ్యలు లెక్క తీరు తెలియడానికి తీసుకున్నవి. జగదల్‌పుర్ నుంచి హైదరాబాద్‌కు ఒక ప్రయాణికురాలి మూల ఛార్జీ 3,000 రూపాయలు, ఇంధన సర్‌ఛార్జి 400 రూపాయలు అనుకుందాం. ఈ 3,400పై 5 శాతం పన్ను 170. భద్రతా రుసుము పన్నుతో 236. అభివృద్ధి రుసుము పన్నుతో 300 అనుకుంటే తప్పనిసరి మొత్తం 4,106 రూపాయలు. ఆమె 250 రూపాయలకు కిటికీ సీటు ఎంచుకుంటే 4,356 అవుతుంది.

విమానాశ్రయంలో ఆమె సంచి 21.4 కిలోలు తూగింది. పరిమితికి మించినది 6.4 కిలోలు. సంస్థ దీనిని పై పూర్తి కిలోకు సవరించి 7గా లెక్కిస్తుంది. పన్నుతో కలిపి కిలోకు 600 రూపాయల చొప్పున 4,200 అవుతుంది. మొత్తం 8,556 రూపాయలు. మనిషి ప్రయాణానికి సంస్థ తీసుకున్న 3,400 కన్నా అదనపు సామానుకు తీసుకున్నదే ఎక్కువ.

ఆమె ఇంటి వద్దనే సంచి తూచుకొని ఉంటే ఫలితం మరోలా ఉండేది. బరువైన రెండు ప్రతిమలను, అంటే 1.4 కిలోలను, పరిమితి మించకుండా చేతిసంచిలోకి మార్చి, మిగిలిన 5 కిలోలకు ముందుగానే 2,000 రూపాయలకు అదనపు సామాను కొని ఉంటే మొత్తం 6,356తో ముగిసేది. 2,200 రూపాయలు మిగిలేవి. ముందస్తు రేటు కౌంటర్ రేటు కన్నా సాధారణంగా తక్కువే. అయితే దానిని విమానం బయలుదేరడానికి కొన్ని గంటల ముందే కొనాలి. ఆ గడువు సంస్థను బట్టి మారుతుంది. మొనదేలిన లోహ వస్తువులను భద్రతా తనిఖీలో చేతిసంచితో అనుమతించకపోవచ్చు. అటువంటివి అప్పగించే సంచిలోనే ఉండాలి.

విమానం తప్పిపోతే

ప్రయాణికుడు టికెట్ రద్దు చేసుకున్నా, సమయానికి చేరుకోలేకపోయినా డబ్బంతా పోయినట్టు కాదు. మూల ఛార్జీ తిరిగిరాని టికెట్ అయినప్పటికీ చట్టబద్ధమైన పన్నులను, విమానాశ్రయ రుసుములను వాపసు చేయాలన్నది డైరెక్టరేట్ నిబంధన. రద్దు రుసుము కూడా మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జి కలిపిన మొత్తాన్ని మించరాదు. పై ఉదాహరణలో ప్రయాణికురాలు విమానం అందుకోలేకపోతే భద్రతా, అభివృద్ధి రుసుముల కింద కట్టిన 536 రూపాయలు ఆమెకు తిరిగి రావాలి. సీటుకు, ముందస్తు సామానుకు కట్టినది మాత్రం సంస్థ షరతులను బట్టి ఉంటుంది. బుకింగ్ వెబ్‌సైట్లు తీసుకునే సౌలభ్య రుసుము సాధారణంగా తిరిగిరాదు.

ఈ వాపసు కోరేటప్పుడు టికెట్ వెంట వచ్చిన ఛార్జీల విభజన పట్టికే ఆధారం. చెల్లింపు సందేశంలో మొత్తం మాత్రమే ఉంటుంది గనుక ఆ పట్టికను, అదనపు సామాను రసీదును విడిగా భద్రపరచుకోవాలి. సంస్థ స్పందించకపోతే పౌర విమానయాన మంత్రిత్వ శాఖ నిర్వహించే ఎయిర్‌సేవా వేదికలో గాని, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు గాని ఫిర్యాదు చేయవచ్చు.