అద్దం మందమే ఇరుసును ఎంచుతుంది

చుట్టూ చట్రం లేని గాజు తలుపు కొత్త కాలపు వస్తువే. అది తిరిగే పద్ధతి మాత్రం చాలా పాతది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అస్సీరియా రాజు మూడవ షల్మనేసర్ బలావత్‌లో నిలిపిన కంచు పట్టీల తలుపులకు మడతబందులు లేవు. తలుపు అంచున ఉన్న కొయ్య స్తంభం రాతి గుంటలో నిలిచి తిరిగేది. మన పాత గుళ్లలోనూ గడపలో ఒక గుంట, పైన ద్వారబంధంలో ఒక గుంట కనిపిస్తాయి. బరువంతా కింది గుంట మోస్తుంది, తలుపు వాలిపోకుండా పై గుంట పట్టుకుంటుంది. ఇవాళ్టి పివట్‌లు చేసే పనీ ఇదే.

తలుపు తనంతట తాను మూసుకోవడం తర్వాత వచ్చింది. 19వ శతాబ్దానికి బ్రిటన్‌లో నేలలో పాతిన స్ప్రింగులు వాడుకలో ఉన్నాయి. తర్వాత స్ప్రింగు వేగాన్ని అదుపు చేయడానికి నూనె చేరింది. ఇప్పుడు ఫ్లోర్ స్ప్రింగ్ అంటే నేలలో పాతిన నూనె పెట్టె. మూసుకునే వేగాన్ని పైనున్న మరతో సరిచేస్తారు. నూనె కారిపోతే తలుపు దడాలున కొట్టుకుంటుంది, మర ఎంత తిప్పినా లాభం ఉండదు.

ఇక గాజు సంగతి. 1874లో ఫ్రాన్సులో ద లా బస్తీ వేడి గాజును నూనెలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు పొందాడు. నూనె స్థానంలో గాలి చిమ్మే పద్ధతి వచ్చాక, 1930ల చివరలో అమెరికాలో పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్ కంపెనీ ‘హెర్క్యులైట్’ పేరుతో చట్రం లేని తలుపులు అమ్మింది. టఫెన్డ్ గ్లాసుకు ఒక షరతు ఉంది. గట్టిపరిచాక కోయడం, రంధ్రం వేయడం కుదరదు. ప్రయత్నిస్తే మొత్తం పొడిపొడి అవుతుంది. అందుకే తలుపు మూలల్లో ప్యాచ్ కూర్చునే కోత, తాళం రంధ్రం అన్నీ ముందే తీయాలి. ఏ ఫిట్టింగ్ వాడతామో గాజు కొలిమికి వెళ్లకముందే తేల్చుకోవాలి.

ప్యాచ్ పని సులువైనదే. రెండు లోహపు పలకలు, వాటికీ గాజుకూ మధ్య గ్యాస్కెట్లు. మరలు మూల కోతలోంచి వెళతాయి, గాజును తాకవు. గాజు నిలిచేది పలకల బిగింపు వల్ల పుట్టే రాపిడితో. కాబట్టి మందం సరిపోకపోతే పట్టు దొరకదు. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతి ఇక్కడ పెద్ద మేలు చేసింది. కరిగిన తగరంపై తేలి చల్లబడిన గాజు మందం దాదాపు అంతటా ఒకేలా ఉంటుంది. మార్కెట్లో దొరికే ప్యాచ్‌లు ఎక్కువగా 10, 12 మి.మీ. గాజుకు సరిపోయేవే. గ్యాస్కెట్ మార్చి రెండింటికీ వాడుకోవచ్చు. 15 మి.మీ.కు మాత్రం వేరే ఫిట్టింగే కావాలి.

ఒక దుకాణం తలుపు తీసుకుందాం: వెడల్పు 1 మీటరు, ఎత్తు 2.4 మీటర్లు. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు గాజు 2.5 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 10 మి.మీ. తలుపు 60 కిలోలు, 12 మి.మీ. అయితే 72, 15 మి.మీ. అయితే 90. యూరప్ ప్రమాణం ఈఎన్ 1154 ప్రకారం 4వ తరగతి ఫ్లోర్ స్ప్రింగ్ 1100 మి.మీ. వెడల్పు, 80 కిలోల వరకు సరిపోతుంది. మొదటి రెండూ అందులో ఇముడుతాయి. మూడోది 5వ తరగతి అడుగుతుంది. 10 మి.మీ. తలుపు బరువు 60 కిలోలే కాబట్టి 3వ తరగతి చాలనుకుంటారు కొందరు. అది 950 మి.మీ. వెడల్పుతోనే ఆగిపోతుంది. బరువు, వెడల్పు రెండూ చూసి పెద్ద తరగతినే తీసుకోవాలి.

పై ప్యాచ్ లాగుడూ లెక్కించవచ్చు. ఇరుసు అంచునుంచి 65 మి.మీ. లోపల ఉందనుకుంటే, 12 మి.మీ. తలుపు పైన సుమారు 13 కిలోల బలంతో పక్కకు లాగుతుంది. ప్యాచ్ జారితే తలుపు స్వేచ్ఛగా ఉన్న వైపుకి ఒరుగుతుంది. ఆ వైపు పక్కసందు పైభాగంలో ఇరుకవుతుంది, కింది మూల నేలకు రాసుకుంటుంది. ఫిట్టర్లు చాలామంది మరను ఇంకా బిగించేస్తారు. అది తప్పు. గ్యాస్కెట్ నలిగి లోహం గాజును నేరుగా నొక్కితే పగులు అక్కడే మొదలవుతుంది. తలుపు దింపి, గ్యాస్కెట్ మార్చి, మళ్లీ బిగించాలి.

పలచన గాజు చౌక కదా అనేవాళ్లకు ఇంకో లెక్క. బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 8 మి.మీ. గాజు బిగువు 12 మి.మీ. గాజులో మూడో వంతు కూడా ఉండదు, నెట్టినప్పుడల్లా ఊగుతుంది. దాన్ని స్నానాల గదికి వదిలేయడమే నయం.

ఈ మధ్య లామినేటెడ్ గాజు అడుగుతున్నారు. పగిలినా ముక్కలు రాలవు, మంచిదే. కానీ రెండు గాజు పలకల మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర నిరంతర ఒత్తిడిలో మెల్లగా పక్కకు జరుగుతుంది. బిగింపు వదులై తలుపు జారుతుంది. మొత్తం మందం 12 మి.మీ. దగ్గరే ఉన్నా మామూలు ప్యాచ్ దీనికి పనికిరాదు. లామినేటెడ్ గాజు కోసమే చేసిన ఫిట్టింగ్‌ను, గాజు ఆర్డరుతోపాటే తీసుకోవాలి.