శ్లాబు మారితే జీతం తగ్గుతుందా? చివరి రూపాయి రేటు, సగటు రేటు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల ఉద్యోగుల మధ్య ఏటా ఫిబ్రవరిలో ఒక మాట వినిపిస్తుంది. ప్రమోషనో, అదనపు ఇంక్రిమెంటో వస్తే పై శ్లాబులో పడతామని, పెరిగిన దానికన్నా పన్నే ఎక్కువ పోతుందని, అందుకే పెంపు రాకపోవడమే నయమని అంటారు. ఆదాయపు పన్ను శ్లాబుల విషయంలో ఈ భయం నిజం కాదు. అయితే చేతికొచ్చే డబ్బు నిజంగానే తగ్గే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటికి కారణం శ్లాబులు కాదు.

ఈ భయానికి పాత కారణం ఒకటి ఉంది. మన దేశంలో 1939కి ముందు ఆదాయపు పన్ను మెట్ల పద్ధతిలో ఉండేది. ఆదాయం ఒక మెట్టు దాటితే, పై మెట్టు రేటు మొత్తం ఆదాయానికి పడేది. అప్పట్లో కొద్దిపాటి పెంపు కూడా నష్టం తెచ్చిపెట్టగలిగేది. 1939లో శ్లాబు పద్ధతి వచ్చింది. ఇందులో ఆదాయాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ ముక్క రేటే వేస్తారు. పై రేటు పై ముక్కకే పడుతుంది, కింది ముక్కలను ముట్టుకోదు.

2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానం చూద్దాం. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి ప్రతి 4 లక్షల ముక్కకు వరుసగా 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటిన దానికి 30 శాతం. జీతగాళ్లకు ముందే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది. లెక్క తేలిన పన్ను మీద 4 శాతం సెస్ ఉంటుంది.

చిక్కబళ్లాపురంలో పనిచేసే ఒక సీనియర్ లెక్చరర్ జీతం ఏడాదికి 16,65,000 అనుకుందాం. డిడక్షన్ పోగా పన్ను వేసే ఆదాయం 15,90,000. శ్లాబుల ప్రకారం 20,000, 40,000, 58,500 కలిపి పన్ను 1,18,500. ఇప్పుడు జీతం 30,000 పెరిగి ఆదాయం 16,20,000 అయింది, 20 శాతం శ్లాబులోకి వచ్చారు. భయపడేవాళ్ల మనసులోని లెక్క ఇలా ఉంటుంది: మొన్నటిదాకా మొత్తానికి 15 శాతం, ఇకపై మొత్తానికి 20 శాతం. అలాగైతే పన్ను ఒక్కసారిగా 85,500 పెరగాలి. అసలు లెక్కలో 30,000లో మొదటి 10,000 ఇంకా 15 శాతం ముక్కలోనే ఉంది, దానికి 1,500. మిగిలిన 20,000కే 20 శాతం, అంటే 4,000. పెరిగిన పన్ను 5,500, సెస్‌తో 5,720. పెంపులో 24,280 ఆయన చేతికే వస్తుంది.

ఇక్కడే రెండు రేట్లను విడదీసి చూడాలి. చివరగా సంపాదించిన రూపాయి మీద పడేది మార్జినల్ రేటు. ఆయనకు అది 15 నుంచి 20కి ఎక్కింది. మొత్తం పన్నును మొత్తం ఆదాయంతో భాగిస్తే వచ్చేది సగటు రేటు. అది సెస్ కాకుండా 7.45 శాతం నుంచి 7.65కి మాత్రమే కదిలింది. పెంపులో ఎంత మిగులుతుందో తెలియాలంటే మార్జినల్ రేటు చూడాలి. ఏడాది మొత్తంలో ఎంత పోయిందో తెలియాలంటే సగటు రేటు చూడాలి. "నేను 20 శాతం శ్లాబులో ఉన్నాను" అనే మాటను "నా జీతంలో 20 శాతం పోతోంది" అని అర్థం చేసుకోవడం దగ్గరే పొరపాటంతా ఉంది.

మరి ఫిబ్రవరి జీతం చీటీలో అంకె తగ్గి కనిపిస్తుంది కదా అంటారు. అది నిజమే. ఏడాదికి పడబోయే పన్నును అంచనా వేసి, దాని సగటు రేటుతో నెలనెలా టీడీఎస్ కోస్తారు. పై లెక్చరర్‌కు ఆ 30,000 బకాయిగా జనవరిలో వచ్చిందనుకోండి, దాని పన్ను 5,720ని మిగిలిన రెండు నెలల్లోనే పట్టుకోవాలి. ఫిబ్రవరి, మార్చి జీతాలు ఒక్కొక్కటీ 2,860 తగ్గుతాయి. ఆ రెండు చీటీలను డిసెంబరు చీటీతో పోల్చి చూసినవాళ్లకు నష్టమే కనిపిస్తుంది. పోల్చాల్సింది పోయిన ఏడాది మొత్తంతో ఈ ఏడాది మొత్తాన్ని.

ఇక నిజంగా తగ్గే చోట్లు. కొత్త విధానంలో పన్ను వేసే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. అంటే జీతం 12,75,000 దాకా ఏమీ కట్టనక్కర లేదు. ఆ గీత దాటితే రిబేటు పోతుంది. అప్పుడు 60,000 పైన పన్ను ఒక్కసారి మీద పడకుండా, 12 లక్షలు దాటిన మొత్తాన్ని మించి పన్ను ఉండకూడదని చట్టం ఊరట ఇచ్చింది. జీతం 40,000 పెరిగితే శ్లాబుల ప్రకారం 66,000 రావాల్సిన పన్ను 40,000 దగ్గర ఆగుతుంది. కానీ దాని మీద సెస్ 1,600 వేస్తారు. మొత్తం 41,600. పెంపు పూర్తిగా పోగా, చేతి డబ్బు ఇంకో 1,600 తగ్గింది. ఈ నష్టం గరిష్ఠంగా 2,800 చిల్లర దాకా వెళ్తుంది. గీత మీద ఉన్నవాళ్లకు పెంపు సుమారు 74,000 దాటితేనే పాత చేతి డబ్బుకన్నా పైకి వస్తారు. ఇక్కడ ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. పెంపులో కొంత యజమాని వాటాగా ఎన్‌పీఎస్‌కు వెళ్తే, మూల వేతనం, డీఏ మొత్తంలో 14 శాతం దాకా ఆదాయంలోంచి తీసేస్తారు. ఆదాయం మళ్లీ 12 లక్షల లోపుకు రావచ్చు.

పాత విధానంలో ఉన్నవాళ్లకు ఇంకా గట్టి దెబ్బ. అక్కడ గీత 5 లక్షలు, రిబేటు 12,500, దాటితే ఊరట లేదు. ఆదాయం 5,00,000 నుంచి 5,10,000 అయితే పన్ను సెస్‌తో 15,080. పదివేలు పెరిగి, చేతిలో 5,080 తగ్గుతుంది.

మూడోది కర్ణాటకలో చిన్న జీతాల వాళ్లకు తగిలేది. చీటీలో వృత్తి తెరిగె అనో పి.టి. అనో ఉంటుంది. పాత మెట్ల పద్ధతి ఇందులో ఇంకా బతికే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి నెల జీతం 25,000 లోపు ఉంటే ఏమీ లేదు, 25,000 చేరితే నెలకు 200. 2025 ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి నెలకు మాత్రం 300, ఏడాదికి 2,500. చింతామణిలో ఒక షోరూంలో 24,900 తీసుకునే అమ్మాయికి 150 పెంచితే జీతం 25,050 అవుతుంది, పి.టి. పోగా 24,850. పెంచినా 50 తగ్గింది. ఇలాంటి జీతంలో ఉన్నవాళ్లు పెంపు అడిగేటప్పుడే 25,000 గీతను కనీసం 200 దాటేలా అడగడం మంచిది. ఫిబ్రవరిని కూడా లెక్కలో వేసుకుంటే 300.