కంపెనీ సెక్రటరీ: భారతదేశంలో బాధ్యతల చరిత్ర

భారతదేశంలో కంపెనీ సెక్రటరీ అంటే కంపెనీల చట్టం కింద డైరెక్టర్ల బోర్డు తీర్మానంతో నియమితులయ్యే అర్హత గల అధికారి. బోర్డు, వాటాదారుల సమావేశాలను చట్టప్రకారం జరిపించడం, వాటి మినిట్స్ రాయించి భద్రపరచడం, కంపెనీల రిజిస్ట్రార్‌కు పత్రాలు దాఖలు చేయడం, తీసుకోబోయే నిర్ణయానికి చట్టం ఏం అడుగుతుందో బోర్డుకు ముందుగా చెప్పడం ఈ పదవి ప్రధాన విధులు. బోర్డులో సెక్రటరీకి ఓటు లేదు. అయినా నియమాలు తప్పితే జవాబు చెప్పాల్సిన అధికారుల జాబితాలో సెక్రటరీ పేరు ఉంటుంది.

బ్రిటిష్ కోర్టుల్లో మారిన హోదా

భారత కంపెనీ చట్టాలకు మూలం బ్రిటిష్ చట్టాలు కాబట్టి ఈ పదవి కూడా అక్కడి నుంచే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో సెక్రటరీని పెద్ద గుమాస్తాగానే చూశారు. 1887లో సౌత్ లండన్ ట్రామ్‌వేస్ కేసులో, ఆ కంపెనీ సెక్రటరీ ఇచ్చిన హామీని నమ్మిన బ్యాంకు ఓడిపోయింది. సెక్రటరీ చెప్పిన పని చేసే ఉద్యోగి మాత్రమేనని, కంపెనీ తరఫున మాట ఇచ్చే అధికారం ఆయనకు ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదని లార్డ్ ఈషర్ తేల్చారు.

1971 నాటికి ఈ అభిప్రాయం తలకిందులైంది. ఫిడెలిస్ ఫర్నిషింగ్ ఫాబ్రిక్స్ అనే కంపెనీ సెక్రటరీ, కంపెనీ అతిథుల కోసమని చెప్పి పనోరమా సంస్థ దగ్గర కార్లు అద్దెకు తీసుకుని సొంతానికి వాడుకున్నాడు. అద్దె ఎవరు కట్టాలన్న ప్రశ్న అప్పీలు కోర్టుకు వెళ్లింది. సెక్రటరీ ఇప్పుడు కంపెనీ ముఖ్య పాలనాధికారి అని, పాలనా వ్యవహారాల్లో ఆయన సంతకానికి కంపెనీ కట్టుబడాలని లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పారు. అద్దె బాకీ కంపెనీ మీదే పడింది. ఆ తర్వాత బ్రిటన్ వేరే దారి పట్టింది. 2008 ఏప్రిల్ నుంచి అక్కడి ప్రైవేటు కంపెనీలకు సెక్రటరీ ఉండి తీరాలన్న నియమం లేదు. భారతదేశం మాత్రం ఈ పదవికి ఒక్కొక్కటిగా బాధ్యతలు పెంచుతూ పోయింది.

మేనేజింగ్ ఏజెన్సీల తర్వాత

1956 కంపెనీల చట్టం వచ్చేనాటికి దేశంలో చాలా కంపెనీలను మేనేజింగ్ ఏజెన్సీలు నడిపేవి. ఒకే ఏజెన్సీ చేతిలో ఎన్నో మిల్లులు, గనులు, తోటలు ఉండేవి. వాటి రిజిస్టర్లు, సమావేశాలు, పత్రాలు కూడా ఆ ఏజెన్సీ ఆఫీసులోనే నడిచిపోయేవి. కాబట్టి ప్రతి కంపెనీకీ సొంతంగా అర్హత గల సెక్రటరీ ఉండాల్సిన అవసరం కనిపించలేదు. 1970 ఏప్రిల్ 3న ఈ పద్ధతి రద్దయింది. ఏజెన్సీ ఆఫీసు చూసుకున్న పని ఒక్కసారిగా ఒక్కో కంపెనీ మీదా పడింది.

ఆ పని చేయగలవారిని తయారుచేసే ఏర్పాటు అప్పటికే మొదలైంది. 1960లో కేంద్ర ప్రభుత్వం కంపెనీ సెక్రటరీ డిప్లొమా ప్రవేశపెట్టింది. 1968 అక్టోబరు 4న భారత కంపెనీ సెక్రటరీల సంస్థ (ఐసీఎస్‌ఐ) నమోదైంది. 1974 సవరణ చట్టంలోకి 383ఎ సెక్షన్‌ను తెచ్చింది. దాని ప్రకారం 25 లక్షల రూపాయలు, అంతకు మించి చెల్లించిన మూలధనం ఉన్న కంపెనీలు పూర్తికాలం సెక్రటరీని పెట్టుకోవాలి. 1980 కంపెనీ సెక్రటరీల చట్టం 1981 జనవరి 1న అమల్లోకి రావడంతో ఐసీఎస్‌ఐకి చట్టబద్ధ హోదా దక్కింది. మూలధనం పరిమితి క్రమంగా పెరిగి, 2009లో 5 కోట్లకు చేరింది.

ప్రస్తుతం లిస్టెడ్ కంపెనీలన్నిటికీ, 10 కోట్లు లేదా ఎక్కువ చెల్లించిన మూలధనం ఉన్న ఇతర కంపెనీలకూ పూర్తికాలం సెక్రటరీ తప్పనిసరి. పదవి ఖాళీ అయితే ఆరు నెలల్లో బోర్డు భర్తీ చేయాలి.

దాఖలు: కౌంటరు నుంచి పోర్టల్‌కు

2006 వరకు పత్రాల దాఖలు అంటే కాగితాల కట్టలతో రిజిస్ట్రార్ ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడటమే. ఆ ఏడాది వచ్చిన ఎంసీఏ-21 పోర్టల్ ఫారాలను డిజిటల్ సంతకంతో ఇంటర్నెట్‌లో దాఖలు చేయించింది. శ్రమ తగ్గడం ఒక మార్పు. దాఖలైన తేదీని ఎవరూ వెనక్కి జరపలేకపోవడం అంతకన్నా పెద్ద మార్పు. తీర్మానం తేదీ పుస్తకంలో ఏం రాసుకున్నా, ఫారం ఎప్పుడు అందిందో పోర్టల్ చెబుతుంది.

ఏటా తప్పక దాఖలు చేయాల్సినవి రెండు. వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లో ఆర్థిక నివేదికలను ఏఓసీ-4 ఫారంలో, 60 రోజుల్లో వార్షిక రిటర్నును ఎంజీటీ-7 ఫారంలో పంపాలి. 2018 జులై నుంచి ఈ రెంటికీ ఆలస్య రుసుము ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి గరిష్ఠ పరిమితి లేదు. రెండు ఫారాలూ గడువు దాటి 200 రోజులు ఆలస్యమైతే, మామూలు రుసుము కాక 40,000 రూపాయలు కట్టాలి. వ్యాపారమే లేని చిన్న కంపెనీకైనా లెక్క ఇదే.

డబ్బుతో పోని నష్టం మరొకటి ఉంది. వరసగా మూడేళ్లు ఈ పత్రాలు పంపని కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్ల పాటు అనర్హులవుతారు. చాలాకాలం పెద్దగా పట్టించుకోని ఈ నియమాన్ని 2017లో ప్రభుత్వం గట్టిగా అమలు చేసింది. రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లను రిజిస్టరు నుంచి తొలగించింది. దాదాపు మూడు లక్షల మంది డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. నడుస్తున్న కంపెనీల్లో డైరెక్టర్లుగా ఉన్నవారు కూడా, ఎప్పుడో మూలపడ్డ మరో కంపెనీ వల్ల ఆ జాబితాకెక్కారు. అందుకే కొత్త డైరెక్టరును తీసుకునే ముందు, ఆ వ్యక్తి ఉన్న ఇతర కంపెనీలన్నిటి దాఖలు వివరాలనూ పోర్టల్‌లో చూసుకోవడం సెక్రటరీలకు అలవాటైంది.

సత్యం తర్వాత సలహా బాధ్యత

2008 డిసెంబరు 16న హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబం నడిపే మైటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆమోదించింది. వాటాదారులను అడగలేదు. న్యూయార్క్ మార్కెట్లో షేరు ధర సగానికి పైగా పడిపోవడంతో కొన్ని గంటల్లోనే కంపెనీ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకున్నారు.

2013 కంపెనీల చట్టం ఈ నేపథ్యంలోనే రూపుదిద్దుకుంది. మేనేజింగ్ డైరెక్టర్, ముఖ్య ఆర్థిక అధికారులతో పాటు సెక్రటరీని కీలక యాజమాన్య సిబ్బందిలో అది చేర్చింది. 205వ సెక్షన్ ఈ పదవి విధులను చట్టంలోనే రాసింది. కంపెనీ ఏయే చట్టాలను పాటిస్తోందో బోర్డుకు నివేదించాలి, ఐసీఎస్‌ఐ సెక్రటేరియల్ ప్రమాణాలు అమలయ్యేలా చూడాలి. డైరెక్టర్లకు వారి విధులు, అధికారాల గురించి మార్గదర్శనం చేయడం కూడా నియమాల్లో చేరింది. అడిగితే చెప్పే సలహా ఇలా అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యతగా మారింది. సమావేశాల మీద మొదటి రెండు ప్రమాణాలు 2015 జులై 1న అమల్లోకి వచ్చాయి.

ఒక గోదాము అద్దె: ఉదాహరణ

ఈ బాధ్యత ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. 12 కోట్ల చెల్లించిన మూలధనం, 50 కోట్ల వార్షిక టర్నోవర్, ఐదుగురు డైరెక్టర్లు ఉన్న ఒక అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ గోదాము అద్దెకు తీసుకోవాలనుకుంది. అద్దె ఏడాదికి 6 కోట్లు. గోదాము ఒక ప్రైవేటు కంపెనీది. అందులో ఈ డైరెక్టర్లలో ఒకరికి 30 శాతం వాటా ఉంది.

మొదట సెక్రటరీ ఏటా మొదటి బోర్డు సమావేశంలో డైరెక్టర్లు ఇచ్చే ఎంబీపీ-1 ప్రకటనలు తీసి చూస్తారు. ఆ వాటా అక్కడ కనిపిస్తే, ఇది సంబంధిత పక్షంతో ఒప్పందమని తేలుతుంది. 10 కోట్ల మూలధనం దాటిన పబ్లిక్ కంపెనీకి ఆడిట్ కమిటీ ఉండాలి కాబట్టి ప్రతిపాదన ముందు అక్కడికి వెళ్లాలి. తర్వాత కనీసం ఏడు రోజుల ముందు నోటీసుతో బోర్డు సమావేశం. ఎజెండాలో సంబంధిత పక్షం పేరు, బంధం, అద్దె షరతులు ఉండాలి. చర్చ వచ్చినప్పుడు సంబంధిత డైరెక్టర్ బయటికి వెళ్లాలి, ఆయనను కోరంలో లెక్కించకూడదు. మిగతా నలుగురు ఉంటే కోరానికి ఇబ్బంది లేదు.

సాధారణంగా తప్పు జరిగేది ఆ తర్వాతే. బోర్డు ఆమోదంతో పని అయిపోయిందనుకుంటారు. కానీ అద్దె టర్నోవర్‌లో 10 శాతానికి, అంటే 5 కోట్లకు చేరితే వాటాదారుల తీర్మానం కూడా ముందే కావాలి. సంబంధిత పక్షమైన వాటాదారు దాని మీద ఓటు వేయకూడదు. ఈ ఒప్పందం కంపెనీ రోజువారీ వ్యాపారంలో భాగమై, బయటివారికి ఇచ్చే ధరకే కుదిరితే మినహాయింపు ఉంది. అయితే మినహాయింపు అడిగినవారు దాన్ని చూపించగలగాలి. చుట్టుపక్కల గోదాముల అద్దెల వివరాలు ఫైలులో పెట్టమని సెక్రటరీ పట్టుబట్టేది అందుకే. ఆమోదం లేకుండా కుదిరిన ఒప్పందాన్ని మూడు నెలల్లో ధ్రువీకరించకపోతే దాన్ని రద్దు చేసే వీలుంటుంది, నష్టాన్ని సంబంధిత డైరెక్టర్లు భరించాల్సి రావచ్చు.

సమావేశం ముగిశాక 15 రోజుల్లో మినిట్స్ ముసాయిదా డైరెక్టర్లకు వెళ్లాలి. వ్యాఖ్యలకు ఏడు రోజులు. 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. ఈ పుస్తకం చదివేవారు ముందు చూసేది సంబంధిత డైరెక్టర్ బయటికి వెళ్లినట్టు రాశారా లేదా అన్నదే. హాజరు పట్టీలో సంతకం లేని వ్యక్తి మినిట్స్‌లో తీర్మానాన్ని బలపరచినట్టు కనిపించినా, పేజీల వరస తప్పినా, ఆ పుస్తకం తర్వాత రాసిందన్న అనుమానం వస్తుంది.

పరిమితులు

సెక్రటరీ సలహాను బోర్డు తోసిపుచ్చవచ్చు. అప్పుడు తన అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వడం తప్ప, నిర్ణయాన్ని ఆపే అధికారం ఈ పదవికి లేదు. బ్యాంకు నిల్వ నిజమో కాదో తేల్చడం కూడా సెక్రటరీ పని కాదు, అది ఆర్థిక ఆడిటర్లది. సమావేశాల కాగితాలన్నీ పద్ధతిగా ఉన్నా, వాటికి ఆధారమైన లెక్కలే అబద్ధమైతే ఈ వ్యవస్థ పట్టుకోలేదు. కంపెనీ జీతం తీసుకుంటూ ఆ కంపెనీ బోర్డు తప్పునే ఎత్తిచూపాల్సి రావడం ఈ ఉద్యోగంలో తీరని ఇబ్బంది.

దీనికి కొంత విరుగుడుగా 204వ సెక్షన్ లిస్టెడ్ కంపెనీలకు, నిర్ణీత పరిమాణం దాటిన మరికొన్నిటికి సెక్రటేరియల్ ఆడిట్ తప్పనిసరి చేసింది. ప్రాక్టీసులో ఉన్న బయటి కంపెనీ సెక్రటరీ రికార్డులు చూసి ఎంఆర్-3 ఫారంలో నివేదిక ఇస్తారు. అందులో లోపం చూపిస్తే, బోర్డు తన వార్షిక నివేదికలో దానికి వివరణ రాయాలి. ఈ రెండూ వాటాదారులకు అందుబాటులో ఉంటాయి. అదే వ్యాఖ్య రెండేళ్లు వరసగా వచ్చి, బోర్డు వివరణ కూడా మారకపోతే, ఆ కంపెనీలో సెక్రటరీ మాటకు ఎంత విలువ ఉందో వాటాదారులు అక్కడే అంచనా వేసుకోవచ్చు.