జర్దా లేని పాన్

మా నానీ పాన్‌దాన్ ఇత్తడిది. మూత తీస్తే లోపల వరుసగా చిన్న గిన్నెలు. ఒకదాంట్లో చూనా, ఒకదాంట్లో కత్తా, ఇంకోదాంట్లో సరౌతాతో సన్నగా కత్తిరించిన సుపారీ. తమలపాకులు తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టేది. నానా జర్దా వేసుకునేవారు, నానీ ముట్టేది కాదు. ఎవరైనా కేన్సర్ మాట ఎత్తితే "మాది సాదా పాన్ బేటా, ఆ బీమారీ జర్దా తినేవాళ్లకే" అనేది. మన ఇళ్లల్లో ఈ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. వలీమా దావత్‌లో పిల్లల చేతికి కూడా మీఠా పాన్ అందుతోంది, జర్దా లేదు కదా అన్న ధైర్యంతోనే.

నానీది జాహిల్ మాట అనుకోకండి. 1985 దాకా ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఇంతకంటే గట్టిగా చెప్పలేకపోయారు. ఎందుకు చెప్పలేకపోయారు, తర్వాత ఎలా చెప్పగలిగారు అన్నదే ఈ కథ.

పాన్ మన తెహజీబ్‌లో పాతది. 14వ శతాబ్దంలో హిందుస్తాన్ వచ్చిన ఇబ్న్ బతూతా తన సఫర్‌నామాలో దీని గురించి రాశాడు. ముందు వక్కను ముక్కలు చేసి నములుతారని, తర్వాత సున్నం రాసిన ఆకు వేసుకుంటారని, మెహమాన్‌కు పాన్ ఇవ్వడం గొప్ప ఇజ్జత్‌గా భావిస్తారని చెప్పాడు. ఆకు, వక్క, సున్నం. అసలు పాన్ ఈ మూడే. పొగాకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది, అంటే ఇబ్న్ బతూతా తర్వాత సుమారు రెండు వందల ఏళ్లకు. కానీ వచ్చాక పాన్‌లో ఎంతగా కలిసిపోయిందంటే, రెండింటినీ విడదీసి చూడడమే కష్టమైపోయింది.

వక్కలో ఏముందో మొదట విప్పి చూసినవాడు యాన్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1888లో వక్క నుంచి అరెకోలిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశాడు. మిరపలో ఘాటుకు ఒక పదార్థం ఉన్నట్టే, వక్క మత్తుకు ఇది. కొత్తగా వక్క నమిలినవాళ్లకు ఒళ్లు వేడెక్కడం, చెమట పట్టడం, నోట్లో లాలాజలం ఊరడం దీనివల్లే. ఆదత్ పడడానికీ ఇదే కారణం. ఒకప్పుడు పశువైద్యులు కుక్కల కడుపులో పురుగులు పోగొట్టడానికి ఈ అరెకోలిన్‌నే వాడేవారు. అంటే వక్క ఉత్త చెక్క కాదు, దవాలాగా ఒంటి మీద పనిచేసే వస్తువు.

ఇక కేన్సర్ సంగతి. 1902లో మద్రాసులో పనిచేసిన డాక్టర్ నిబ్లాక్, చెంప లోపలి కేన్సర్‌కూ తాంబూలానికీ సంబంధం ఉందని రాశాడు. 1933లో ఆర్ అనే డాక్టర్ తిరువాన్కూరు రోగుల గురించి లాన్సెట్ పత్రికలో అదే మాట రాశాడు. కానీ మన దేశంలో పాన్ తినేవాళ్లలో ఎక్కువమంది పొగాకు కూడా కలుపుకుంటారు. ఇద్దరు దొంగలు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటే చోరీ ఎవరు చేశారో ఎలా తేలుతుంది? అందుకే ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1985లో ఫైసలా ఇచ్చినప్పుడు, పొగాకు కలిపిన పాన్ కేన్సర్ తెస్తుందని ఖరారు చేసి, పొగాకు లేని పాన్ విషయంలో సబూత్ చాలదని ఆగిపోయింది.

సబూత్ రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి తైవాన్. అక్కడివాళ్లు పచ్చి వక్కను సున్నంతో, తమలపాకుతో గానీ తమలపాకు తీగ పూగుత్తితో గానీ నములుతారు, పొగాకు కలపరు. అయినా అక్కడ నోటి కేన్సర్ విపరీతంగా ఉంది. రెండోది కరాచీ. అక్కడి పరిశోధకులు నోటి కేన్సర్ ఉన్న 79 మందిని, లేని 149 మందిని తీసుకుని ఎవరెవరు ఏం తినేవారో అడిగారు. సిగరెట్ వంటి ఇతర అలవాట్ల లెక్క తీసేశాక చూస్తే, పొగాకు లేని పాన్ తినేవాళ్లకు, అసలు తిననివాళ్లతో పోలిస్తే, ముప్పు సుమారు పది రెట్లు ఉన్నట్టు 2000లో ప్రచురించారు. అది చిన్న పరిశోధన కాబట్టి ఆ పది రెట్లు పక్కా అంకె కాదు. అసలు ముప్పు రెండు రెట్లకు దగ్గరగానూ ఉండొచ్చు, యాభై దాటీ ఉండొచ్చు. కానీ ముప్పు లేదనడానికి మాత్రం ఆ లెక్కలో చోటు లేదు.

ఇలాంటివన్నీ జమచేసి, అదే సంస్థ 2004లో వెలువరించిన సంపుటిలో తన పాత మాట మార్చుకుంది. పొగాకు లేని పాన్ కూడా మనుషుల్లో నోటి కేన్సర్ తెస్తుందని, వక్క దానంతటదే కేన్సర్ కారకమని తేల్చింది. పొగాకును పెట్టిన మొదటి వర్గంలోనే వక్కనూ పెట్టింది.

వక్క లోపల చేసే పని ఇదీ. సున్నం తగిలినప్పుడు వక్కలోని వగరు పదార్థాల నుంచి కణాల డీఎన్‌ఏను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అరెకోలిన్ లాలాజలంలో మార్పు చెంది నైట్రోసమిన్లు అనే విషాలవుతుంది. మరోవైపు అరెకోలిన్ చెంప లోపలి కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్ అనే నారను ఎక్కువగా తయారు చేయిస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే. అది ఆ నారలను ఒకదానికొకటి గట్టిగా ముడివేసే ఎంజైమ్‌కు బలాన్నిస్తుంది. మెత్తగా సాగే చెంప మెల్లగా తోలు పట్టీలా బిగుసుకుంటుంది.

ఆ బిగుసుకుపోయే బీమారీ పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. 1952లో ష్వార్జ్ అనే డాక్టర్ కెన్యాలో స్థిరపడ్డ ఐదుగురు హిందుస్తానీ స్త్రీలలో దీన్ని చూసి వర్ణించాడు. దీనికి మూలం వక్కేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కేరళలోని ఎర్నాకులంలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్లు గమనిస్తే, వాళ్లలో 5 గురికి నోటి కేన్సర్ వచ్చింది. అందరికీ రాదు, కానీ వచ్చే దారి ఇదే.

దీన్ని ఇంట్లోనే కనిపెట్టొచ్చు. మొదట కారం తింటే నోరు భగ్గుమంటుంది, నిన్నటిదాకా తిన్న సాలనే ఇవాళ తినలేరు. తర్వాత చెంప లోపల గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోతుంది, వేలితో తడిమితే తాడులాంటి పట్టీలు తగులుతాయి. నోరు తెరవడం తగ్గుతుంది. మన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉన్నా అంతే. వక్క మానేసినా బిగుసుకున్న చెంప పూర్తిగా మునుపటిలా కాదు. కానీ తొందరగా మానేస్తే బిగుసుకోవడం అక్కడితో ఆగే అవకాశం ఉంటుంది, ఇలాజ్ కూడా అప్పుడే పనిచేస్తుంది.

కాబట్టి పొట్లం మీద పొగాకు లేదని రాసి ఉంటే, అది వక్కకు ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. పాన్ మసాలా, తీపి సుపారీ, మీఠా పాన్ అన్నింటిలోనూ ఉన్నది వక్కే. మా నానీకి చివరి రోజుల్లో నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకునేది కాదు. రొట్టెను సాలన్‌లో నానబెట్టి, చిన్న ముక్కలు చేసి పెట్టేవాళ్లం. వయసు కదా అనుకున్నాం. ఆ పాన్‌దాన్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అందులో సోంపు, యాలకులు, కలకండ పెట్టుకుంటున్నాం. సుపారీ గిన్నె మాత్రం ఖాళీగా ఉంచాం. మెహమాన్ అడిగితే ఎందుకో చెబుతాం.